స్నేర్ మొద్దుగా ఉన్నా, గుచ్చుకుంటున్నా: తేడా ఏ క్షణంలో ఉందో ముందు వినండి

ప్రశ్న: నమస్తే సర్. మా చర్చి బ్యాండ్ పాటలు రెండు ఇంట్లో రీపర్‌లో మిక్స్ చేస్తున్నాను. మొదటిది 92 బిపిఎం, లైవ్ డ్రమ్స్. స్నేర్ మొద్దుగా దబ్‌దబ్‌మంటోంది. JS: Transient Controller వేసి అటాక్ బాగా పెంచితే ఇంకా గట్టిగా దబ్‌మంటోంది తప్ప స్నాప్ రావట్లేదు, పైగా హై-హ్యాట్ టిక్కుటిక్కుమని ముందుకొస్తోంది. రెండో పాటలో సాంపిల్ స్నేర్ వాడాను. అది చెవిలో గుచ్చుకుంటోంది. అటాక్ తగ్గిస్తే పాట మొత్తం నీరసించిపోయింది. ఏ సెట్టింగులు పెట్టాలో చెప్పగలరా? — కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

సెట్టింగులు చెబుతాను. అయితే మీ రెండు పాటల్లోనూ ట్రాన్సియెంట్ షేపర్, అంటే మీరు వేసిన Transient Controller లాంటి ప్లగిన్, తన పని తాను సరిగ్గానే చేసింది. ఆ పని ఏమిటో తెలిస్తే, అంకెలు ఎందుకు అలా పెట్టాలో మీకే అర్థమవుతుంది, ఇంకో స్నేర్ వచ్చినప్పుడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఈ తరహా పరికరాన్ని జనంలోకి తెచ్చింది జర్మనీకి చెందిన ఎస్‌పిఎల్ కంపెనీ, 1998లో వచ్చిన ట్రాన్సియెంట్ డిజైనర్‌తో. దాని మీద ఒక్కో చానెల్‌కు రెండే నాబ్‌లు: అటాక్, సస్టెయిన్. కంప్రెసర్ మీద ఉండే థ్రెషోల్డ్ దాని మీద లేదు. లోపల అది శబ్దం స్థాయిని రెండు రకాలుగా కొలుస్తూ ఉంటుంది. ఒక కొలత దెబ్బ పడగానే పైకి లేస్తుంది, రెండోది కాస్త నిదానంగా లేస్తుంది. దెబ్బ పడిన మొదటి కొద్ది మిల్లీసెకన్లలో ఈ రెండింటి మధ్య తేడా కనిపిస్తుంది. ఆ తేడా ఉన్నంతసేపే అటాక్ నాబ్ గెయిన్‌ను పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. సస్టెయిన్ కూడా ఇలాంటిదే, కాకపోతే శబ్దం తగ్గే తీరులోని తేడాను పట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన ప్లగిన్లు చాలావరకు ఈ పద్ధతినే ఏదో ఒక రూపంలో వాడుకున్నాయి.

దీనివల్ల రెండు సంగతులు తేలతాయి, రెండూ మీ ఉత్తరంలో ఉన్నవే. ఒకటి, షేపర్ చూసేది తేడాని, శబ్దం పెద్దదా చిన్నదా అన్నది దానికి పట్టదు. గట్టిగా కొట్టిన స్నేర్‌కు ఎంత అటాక్ పెంచుతుందో, స్నేర్ మైకులోకి పక్కనుంచి పడిన హై-హ్యాట్‌కూ దాదాపు అంతే పెంచుతుంది. మీ టిక్కుటిక్కు అక్కడి నుంచే వచ్చింది. రెండు, అది సమయాన్ని చూస్తుంది, ఫ్రీక్వెన్సీని చూడదు. మొదటి మిల్లీసెకన్లలో ఏది ఉంటే దాన్నే పెంచుతుంది. అక్కడ దబ్ ఉంటే దబ్‌ని పెంచుతుంది. లేని టప్‌ని అది పుట్టించలేదు.

స్నేర్ దెబ్బను సమయం వెంట విడదీసి చూద్దాం. మొదట స్టిక్ హెడ్‌కు తగిలిన చప్పుడు వస్తుంది. మనం స్నాప్ అనేది చాలావరకు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ భాగమే. దాని వెంటనే డ్రమ్ ఒళ్లు మోగుతుంది, మామూలు 14 అంగుళాల స్నేర్‌లో 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య. దానితో కలిసి, దాని తర్వాత కూడా, కింద ఉన్న స్నేర్ వైర్ల బుస, గది ప్రతిధ్వని సాగుతాయి. ఇలా వెనక సాగేదాన్ని తోక అందాం. మొద్దుగా ఉంది అన్న మాటకు ఇందులో రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు: స్టిక్ చప్పుడు రికార్డులో ఉన్నా తోక దాన్ని కప్పేస్తూ ఉండొచ్చు, లేదా ఆ చప్పుడు రికార్డులోకే రాకపోయి ఉండొచ్చు. ఈ రెండింటికీ మందు వేరు.

ఏది మీదో తేల్చుకోవడానికి ఇలా చేయండి. స్నేర్ ట్రాక్‌ను సోలో చేసి రెండు బార్లు లూప్‌లో పెట్టండి. షేపర్‌లో Attack ను +100కి, Sustain ను −100కి తీసుకెళ్లండి. ఇది మిక్స్ కోసం కాదు, వినడం కోసమే. ఇప్పుడు తోక దాదాపు పోయి దెబ్బ మొదలు మాత్రమే మిగులుతుంది. ఆ మిగిలినదానిలో టప్ వినిపిస్తే మీ స్నేర్‌లో స్నాప్ ఉంది, తోక కప్పేసింది. అలాంటప్పుడు సస్టెయిన్‌ను −20 నుంచి −30 శాతం దాకా తగ్గించి, అటాక్‌ను +15 నుంచి +30 మధ్య పెడితే చాలావరకు పని అయిపోతుంది. మిగిలింది కూడా దబ్ అనే వినిపిస్తే స్టిక్ చప్పుడు ఆ ట్రాక్‌లో బాగా తక్కువగా ఉంది. మీరు రాసినదాన్ని బట్టి మీది ఈ రెండో రకం.

అలా అనుకునే ముందు ఇంకో విషయం చూడండి. ఆ ట్రాక్ మీద ముందే కంప్రెసర్ ఉందా? దాని అటాక్ 1 మిల్లీసెకను దగ్గర ఉంటే స్టిక్ చప్పుడును నొక్కేస్తున్నది అదే. ముందు ఒకటి నొక్కేసి, వెనక షేపర్‌తో లేపడం అనవసరం. కంప్రెసర్ అటాక్‌ను 15 నుంచి 25 మిల్లీసెకన్లకు తీసుకెళ్లి మళ్లీ వినండి. స్నేర్‌కు కింద కూడా మైకు పెట్టి ఉంటే దాని పొలారిటీ తిప్పి చూడండి. పైహెడ్ లోపలికి వెళ్లేటప్పుడు కిందహెడ్ బయటికి వస్తుంది కాబట్టి రెండు మైకులూ ఎదురెదురు సంకేతాలు ఇస్తాయి. తిప్పకపోతే డ్రమ్ ఒళ్లు పల్చబడుతుంది. ఎటు తిప్పితే నిండుగా వినిపిస్తుందో అది ఉంచుకోండి. ఈ రెండూ సరిచూసుకున్నాక కూడా దబ్ మిగిలితేనే కిందిది చేయండి.

అసలు స్నేర్ ట్రాక్ మీద అటాక్‌ను ముట్టుకోకండి. అక్కడ షేపర్‌లో Attack 0, Sustain −15 చాలు. మీ పాట 92 బిపిఎం అన్నారు, అంటే ఒక బీట్ 652 మిల్లీసెకన్లు, పదహారో స్వరం 163 మిల్లీసెకన్లు. స్నేర్ తోక ఆ 163 మిల్లీసెకన్ల లోపు బాగా తగ్గిపోతే తర్వాతి హై-హ్యాట్ దెబ్బకు చోటు దొరుకుతుంది. తోక అంతకన్నా సాగుతుంటే −25 దాకా వెళ్లండి. ఇంకా కిందికి వెళితే స్నేర్ అట్టపెట్టె మీద కొట్టినట్టు పొడిగా అయిపోతుంది, ఆరాధన పాటల్లో అది అస్సలు నప్పదు.

ఇప్పుడు ఆ ట్రాక్‌కు డూప్లికేట్ తీయండి. దానికి స్నాప్ అని పేరు పెట్టండి. ఈ కాపీ పని ఒకటే, స్టిక్ చప్పుడును మాత్రమే అందించడం. దాని మీద పాత ప్లగిన్లన్నీ తీసేసి మొదట ReaGate వేయండి. మామూలుగా గేట్ మొత్తం శబ్దాన్ని విని తెరుచుకుంటుంది కాబట్టి హై-హ్యాట్‌కు కూడా తెరుచుకుంటుంది. అందుకే గేట్ వినే శబ్దాన్ని కుదించండి. అందులో డిటెక్టర్ కోసం ఉన్న Hipass ను 120 హెర్ట్జ్ దగ్గర, Lowpass ను 400 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఇవి బయటికొచ్చే శబ్దాన్ని మార్చవు, గేట్ దేన్ని వినాలో మాత్రమే నిర్ణయిస్తాయి. హై-హ్యాట్‌కు ఆ మధ్యలో బలం లేదు, కిక్ ముఖ్యమైన బలం 120 కన్నా కింద ఉంటుంది. కాబట్టి గేట్ స్నేర్ ఒంటికి మాత్రమే తెరుచుకుంటుంది. ఇంత కింది శబ్దాన్ని గుర్తించడానికి గేట్‌కు కొద్దిగా ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యంలోనే స్టిక్ చప్పుడు తెగిపోతుంది. దానికి విరుగుడుగా Pre-open ను 3 మిల్లీసెకన్లు, Attack ను వీలైనంత తక్కువ ఉంచండి. Hold 40, Release 60 మిల్లీసెకన్లు చాలు. చిన్న చిన్న ఘోస్ట్ నోట్లకు గేట్ తెరుచుకోకపోయినా బాధపడకండి. అవి అసలు ట్రాక్‌లో మామూలుగానే ఉన్నాయి. బ్యాక్‌బీట్‌కు మాత్రమే స్నాప్ అందితే వాయించినవాళ్ల చేతివాటం ఇంకా బాగా తెలుస్తుంది.

గేట్ తర్వాత ReaEQ వేసి 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర హై-పాస్ పెట్టండి. దబ్ అంతా అక్కడ పోతుంది. కావాలంటే 4 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ పెంచండి. ఆ తర్వాత షేపర్: Attack +70, Sustain −70. సోలోలో వింటే ఇది చిన్న చిట్లిన చప్పుడులా, నచ్చనట్టుగా ఉంటుంది. అలాగే ఉండాలి. సోలో తీసేసి, ఫేడర్‌ను అట్టడుగు నుంచి పైకి తెస్తూ పాట మొత్తంలో వినండి. స్నేర్ ముందుకొచ్చింది అనిపించిన చోట ఆగి, అక్కడి నుంచి 2 డెసిబెల్స్ కిందికి దించండి. సాధారణంగా ఈ కాపీ అసలు ట్రాక్ కన్నా 10 నుంచి 14 డెసిబెల్స్ కింద కూర్చుంటుంది.

ఒకసారి ఆ కాపీ పొలారిటీ తిప్పి చూడండి. హై-పాస్ ఫిల్టర్ తాను కోసిన చోటుకు దగ్గరలో ఫేజ్‌ను జరుపుతుంది కాబట్టి, అసలు ట్రాక్‌తో కలిసినప్పుడు 2, 3 కిలోహెర్ట్జ్ చుట్టూ కొంత కొట్టేసుకోవచ్చు. రెండు విధాలా విని, స్నాప్ ఎక్కువ తెలిసినదాన్ని ఉంచుకోండి.

ఎక్కువైందని ఎలా తెలుస్తుందంటే, స్నేర్ రెండు శబ్దాలుగా విడిపోతుంది. ముందు ఒక టిక్, దాని వెనక ఒక దబ్. ఒకే డ్రమ్ మీద ఒకే దెబ్బ పడినట్టు వినిపించాలి. రెండుగా వినిపిస్తే కాపీని 2 డెసిబెల్స్ దించండి, లేదా హై-పాస్‌ను 1.8 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి. అప్పుడు టిక్‌కూ దబ్‌కూ మధ్య ఖాళీ పూడుతుంది.

ఇంత చేశాక మాస్టర్ ట్రాక్ వైపు చూడండి, చాలామంది ఇక్కడే కష్టపడిందంతా పోగొట్టుకుంటారు. అటాక్ పెంచితే పీక్ పెరుగుతుంది, చెవికి వినిపించే బిగ్గరతనం అంతగా పెరగదు. ఉదాహరణకు స్నేర్ పీక్ ఇదివరకు −10 దగ్గర ఉండి ఇప్పుడు −6కి వచ్చిందనుకోండి. మాస్టర్ మీద లిమిటర్ ఉంటే ఆ 4 డెసిబెల్స్‌ను అక్కడ కోసేయవచ్చు. ప్రతి స్నేర్ దెబ్బకు లిమిటర్ మీటర్ 3, 4 డెసిబెల్స్ ఎగురుతుంటే, మీరు పెట్టిన స్నాప్ వినేవాళ్లకు చేరట్లేదు, పైగా ఆ క్షణంలో గొంతు, కీబోర్డు కూడా వెనక్కి తగ్గుతున్నాయి. మందు ఏమిటంటే, స్నేర్, స్నాప్ రెండింటినీ ఒక ఫోల్డర్ ట్రాక్‌లోకి పంపి, దాని మీద సాఫ్ట్ క్లిప్పర్‌తో పై 2 డెసిబెల్స్ మాత్రం గొరగండి. ఇంత చిన్న సమయంలో జరిగే క్లిప్పింగ్ డ్రమ్స్ మీద వికారంగా వినిపించదు, కాస్త పదును కూడా ఇస్తుంది. అప్పటికీ లిమిటర్ ఎగురుతుంటే కాపీని తగ్గించండి.

బైపాస్ చేసి పోల్చేటప్పుడు కూడా స్థాయిలు సమం చేసుకోండి. బిగ్గరగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే వినిపిస్తుంది. షేపర్‌లో Output స్లైడర్ ఉన్నది ఇందుకే.

ఓవర్‌హెడ్ మైకుల మీద కూడా షేపర్ వేయాలా అని మీకు సందేహం రావచ్చు. వద్దనే అంటాను. ఓవర్‌హెడ్ స్నేర్‌కు మీటరు దూరంలో ఉంటే శబ్దం దాదాపు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అక్కడ కూడా అటాక్ పెంచితే దగ్గరి మైకు స్నాప్ వెనక ఇంకో స్నాప్ పడి, మొదటిది మసకబారుతుంది. పైగా సింబల్స్ అన్నీ కరకరలాడతాయి.

ఇక రెండో పాట. గుచ్చుకునే స్నేర్ కూడా మొద్దు స్నేర్ లాంటిదే, తప్పు ఏ క్షణంలో ఉందో ముందు పట్టుకోవాలి. అందరూ తప్పు అటాక్‌లోనే ఉందనుకుంటారు. నా అనుభవంలో సాంపిల్ స్నేర్లలో చాలాసార్లు గుచ్చుకునేది అటాక్ తర్వాతి భాగం. కారణం ఉంది. అమ్మకానికి వచ్చే సాంపిల్స్‌ను అప్పటికే బాగా కంప్రెస్ చేసి, క్లిప్ చేసి ఇస్తారు. అలా చేసినప్పుడు మొదటి దెబ్బ అణిగి, వెనక ఉన్న వైర్ల బుస పైకి లేస్తుంది. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఆ బుస వంద మిల్లీసెకన్లకు పైగా చెవి మీద సాగుతుంది. దాని మీద మీరు ఇంకో కంప్రెసర్ వేస్తే అది ఇంకా లేస్తుంది.

పరీక్ష రెండు మెట్లలో చేయండి. మొదట Attack −100, Sustain 0 పెట్టి వినండి. గుచ్చుకోవడం పోతే తప్పు అటాక్‌లో ఉంది. స్నేర్ వెనక్కి వెళ్లి నీరసించినా ఆ చిరచిర అలాగే ఉంటే తప్పు తోకలో ఉంది. ఆ తర్వాత Attack 0, Sustain −100 పెట్టి వినండి. చెవికి హాయి అనిపిస్తే తోకేనని ఖాయం. రెండింటిలోనూ సగం సగం తగ్గితే శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకే ఫ్రీక్వెన్సీ కుట్టుతోందని అర్థం. అది షేపర్ పని కాదు, ఈక్యూలో 3 నుంచి 4 కిలోహెర్ట్జ్ చుట్టూ వెతికి 3 డెసిబెల్స్ తగ్గించాలి.

అటాక్ తగ్గించగానే పాట మొత్తం నీరసించిందని మీరు రాశారు. ఆ మాటను బట్టి, మీరు తోకలో ఉన్న తప్పుకు అటాక్‌ను శిక్షించారని అనుకుంటున్నాను. పాటను నడిపించే దెబ్బ పోయింది, గుచ్చుకునే బుస మిగిలింది. కాబట్టి మొదట Attack ను తిరిగి 0కి తెచ్చి, Sustain −25 దగ్గర మొదలుపెట్టండి. స్నేర్ చిన్నదైపోయినట్టు అనిపిస్తే −15కు రండి. దానికి ఇదివరకే రివెర్బ్ ఉంటే షేపర్‌ను రివెర్బ్‌కు ముందు ఉంచండి. అప్పుడు డ్రమ్ తోక తగ్గుతుంది, మీరు వేసిన గది మాత్రం నిండుగా ఉంటుంది.

ఒకవేళ మొదటి పరీక్షలో తప్పు అటాక్‌లోనే ఉందని తేలితే తక్కువ మోతాదులో వెళ్లాలి. Attack −15 నుంచి −25, Sustain +10, ఆ తర్వాత ఫేడర్ 1 డెసిబెల్ పైకి. పీక్ తగ్గిన మేరకు స్నేర్ మిక్స్‌లో వెనక్కి వెళుతుంది, ఆ 1 డెసిబెల్ దాన్ని తన చోటికి తెస్తుంది. ఈ ఫేడర్ కదలిక మర్చిపోతే ఎంత సరైన సెట్టింగ్ అయినా నీరసంగానే వినిపిస్తుంది. మరీ తగ్గిస్తే ఇంకో లక్షణం కనిపిస్తుంది: స్నేర్ ఆలస్యంగా పడుతున్నట్టు ఉంటుంది. గ్రిడ్ మీద సరిగ్గానే ఉంటుంది, కానీ దెబ్బ మొదలు అణిగిపోవడంతో చెవి దాని వెనక భాగాన్ని దెబ్బగా లెక్కేస్తుంది. అలా అనిపిస్తే సాంపిల్‌ను ముందుకు జరపకండి, అటాక్‌ను కాస్త తిరిగి పెంచండి.

దెబ్బ బలం అలాగే ఉంచి పైన ఉన్న పదునును మాత్రమే మెత్తబరచాలంటే బ్యాండ్లుగా విడదీయాలి. అసలు శబ్దాన్ని రెండు ట్రాకులు చేసి, ఒకదాని మీద ReaEQ లో లో-పాస్, ఇంకోదాని మీద హై-పాస్ పెట్టి విడదీద్దామని అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం అలా చేయకండి. ఆ ఫిల్టర్లు కలిసే చోట రెండు భాగాలూ ఎదురెదురు ఫేజ్‌లో ఉండి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరిగ్గా 3 కిలోహెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. రీపర్‌లోనే JS: 3-Band Splitter, JS: 3-Band Joiner అని రెండున్నాయి. ట్రాక్‌కు 6 చానెళ్లు ఇచ్చి, ముందు స్ప్లిటర్, చివర జాయినర్ పెట్టండి. పై బ్యాండ్ 5, 6 చానెళ్లలో వస్తుంది. పై హద్దును 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి, మధ్యలో షేపర్‌ను పిన్ కనెక్టర్‌లో 5, 6కు కలపండి. ఇప్పుడు Attack −40 దాకా వెళ్లినా కింద 200 హెర్ట్జ్ దగ్గరి దెబ్బ చెక్కుచెదరదు. ముందు షేపర్‌ను బైపాస్ చేసి, స్ప్లిటర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ శబ్దం ఒకేలా ఉందో లేదో వినండి. తేడా ఉంటే కనెక్షన్ ఎక్కడో తప్పింది.

సాంపిల్ విషయంలో ఇంకొక్క మాట. ప్రతి దెబ్బా ఒకే వెలాసిటీతో ఉంటే, మెత్తని స్నేర్ కూడా నాలుగు నిమిషాల పాటలో చివరికి గుచ్చుకుంటుంది. షేపర్ ఏం చేసినా అన్ని దెబ్బలకూ ఒకేలా చేస్తుంది కాబట్టి ఆ విసుగు తగ్గదు. చరణాల్లో వెలాసిటీని 90 నుంచి 105 మధ్య మారుస్తూ ఉంచి, పల్లవిలో 115 దాకా వెళ్లనివ్వండి. సాంపిల్ లైబ్రరీలో చిన్న దెబ్బలకు వేరే రికార్డింగులు ఉంటే వాటంతట అవే మెత్తగా వస్తాయి.

వినే చోటు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పాటలు మందిరంలో హార్న్ స్పీకర్లలో, ఫోన్లలో మోగుతాయి. రెండూ 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌ను ఎత్తి చూపిస్తాయి, కింది శబ్దాన్ని తగ్గించేస్తాయి. హెడ్‌ఫోన్‌లో సరిపోయిన స్నాప్ అక్కడ ఒక మోతాదు ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి మొదటి పాటలో స్నాప్ కాపీ స్థాయిని ఫోన్‌లో విని ఖాయం చేయండి, రెండో పాటలో గుచ్చుకోవడం పోయిందో లేదో కూడా ఫోన్‌లోనే చూడండి. ఆ తర్వాత వాల్యూమ్ బాగా తగ్గించి మామూలు స్పీకర్లలో వినండి. గొంతు ఇంకా అర్థమవుతుండగా స్నేర్ ఒక్కటే ఎత్తుగా కనిపిస్తే అటాక్ ఎక్కువైనట్టు.

వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. పైన చెప్పిన శాతాలు రీపర్ ప్లగిన్‌వి, వాటిని ఇంకో చోట అలాగే పెట్టకండి. ఎస్‌పిఎల్‌లో అటాక్ 15 డెసిబెల్స్ దాకా, సస్టెయిన్ 24 డెసిబెల్స్ దాకా పైకీ కిందికీ వెళుతుంది. అక్కడ 3 నుంచి 5 డెసిబెల్స్ అటాక్ చాలా పనే చేస్తుంది. క్యూబేస్‌లో Envelope Shaper, లాజిక్‌లో Enveloper, ఏబుల్‌టన్‌లో Drum Buss లోని Transients నాబ్ ఇవే పనులు తమ తమ పద్ధతుల్లో చేస్తాయి. ఏది వాడినా పీక్ మీటర్‌ను చూసుకుంటే ఒక కొలత దొరుకుతుంది: స్నేర్ మీద నేరుగా అటాక్ పెంచేటప్పుడు పీక్ 4 డెసిబెల్స్ పెరిగిన చోట ఆగి, పాటలో విని, అక్కడి నుంచి వెనక్కి రండి.

చివరిగా, మొదటి పాట స్నేర్ వేవ్‌ఫాంను బాగా పెద్దది చేసి చూడండి. దెబ్బల పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంటే రికార్డింగ్‌లోనే క్లిప్ అయింది, అందులో అటాక్ ఆకారం మిగిలి లేదు. అప్పుడు పైన చెప్పిన కాపీలో ఆ స్నేర్‌కు బదులు, పొడిగా, ముందు ఏ ప్రాసెసింగూ లేని ఒక సాంపిల్‌ను అవే దెబ్బల మీద పెట్టండి. అదే హై-పాస్, అదే సస్టెయిన్ −70 ఉంచండి, అటాక్ మాత్రం 0 చాలు. సాంపిల్ మొదలు, మీ స్నేర్ మొదలు ఒకే చోట పడేలా ఒకటి రెండు దెబ్బలు దగ్గరగా చూసి జరపండి. మిగిలిన పాటలు ఇంకా రికార్డు చేయాల్సి ఉంటే మాత్రం, పాతబడిన పైహెడ్‌ను మార్చించి, మైకును రిమ్‌కు రెండు మూడు వేళ్ల ఎత్తున, హెడ్ మధ్యకు చూసేలా, హై-హ్యాట్‌కు వీపు పెట్టి తిప్పండి. గట్టిగా కొట్టిన దెబ్బకు పీక్ −10 దగ్గర ఉండేలా గెయిన్ పెట్టుకుంటే క్లిప్ అయ్యే భయం కూడా ఉండదు.